పేరెత్తకండి, వేలెత్తండి

నెల్లిమర్ల నుంచి రామతీర్థం దాకా రోడ్డు పక్కన వేలాడే ఫ్లెక్సీల్లో చాలా వాటికి మాటలు రాసింది నేనే. నాయకుల పుట్టినరోజులు, కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, ఎరువుల కొట్లు, ఓణీల ఫంక్షన్లు, ఏదైనా సరే. తన సరుకు మంచిదని చెప్పుకోవడం ఎవడైనా చేస్తాడు. పక్కవాడి సరుకు పనికిరాదని, వాడి పేరెత్తకుండా, ఊరంతటికీ అర్థమయ్యేలా చెప్పడమే విద్య. ఆ విద్య నాతోనే పోకూడదని ఈ నాలుగు సలహాలు రాస్తున్నాను. పాటించి బాగుపడండి.

రామతీర్థంలో ఈ విద్యకు పూర్వం ఆదరణ లేదన్న సంగతి ముందే ఒప్పుకోవాలి. గురుభక్తుల కొండ మీద బౌద్ధులు విహారాలు కట్టుకున్నారు. పక్కనే దుర్గకొండ మీద జైనులు తమ తీర్థంకరులను చెక్కుకున్నారు. కొండ కింద రాముడు వెలిశాడు. ఇంత దగ్గర దగ్గరగా ఉండి కూడా "ఆ పక్క కొండ ఎక్కితే మోకాళ్ళ నొప్పులే, ఫలం సున్నా" అని ఒక్కరూ రాతి మీద చెక్కించలేదు. మంచి రచయిత దొరకలేదు కాబోలు.

ఇక అసలు కథ. శివరాత్రికి రామతీర్థంలో పెద్ద జాతర జరుగుతుంది. మా పిన్నికి ఊరి బయట చిన్న గానుగ, పెనం ఉన్నాయి. జాతరకు బెల్లం దుకాణం పెట్టింది. ఆమె బెల్లం ముదురు గోధుమరంగులో, కాస్త మొరటుగా ఉంటుంది. రెండు పందిళ్ళ అవతల ఇంకొకాయన బెల్లం పసుపుముద్దలా మిలమిల మెరుస్తుంది. పేరు చెప్పను, చెప్పకపోవడమే కదా నా విద్య. జనం ఆ మెరుపు దగ్గరే ఆగిపోతున్నారు. పిన్ని నన్ను పిలిచింది.

"ఒరే అబ్బీ, మన బెల్లం ఎందుకు మంచిదో ఓ ముక్క రాసిపెట్టరా. ఆళ్ళనేటీ అనకు. రేపు పెళ్ళిలో ఒకే పంక్తిలో కూకోవాల."

ఇంత చక్కటి అవకాశం మళ్ళీ వస్తుందా? ఆ రాత్రే ఫ్లెక్సీ కొట్టించాను.

మొదటి సలహా. పేరు రాయకండి గాని, పేరు తప్ప మిగతావన్నీ రాయండి. నా ఫ్లెక్సీలో ఒక పసుపు దిమ్మ బొమ్మ, కింద తాటాకు బుట్ట, పక్కన "కిలో 60" అన్న చీటీ, వీటన్నిటి మీదా ఎర్రటి అడ్డగీత పెట్టాను. ఆ జాతరలో తాటాకు బుట్టలో పెట్టి, కిలో 60కి అమ్మేది ఒకే ఒక్క దుకాణం. ఎవడైనా తగువుకు వస్తే "నేనెవరి పేరు రాశాను?" అనొచ్చు. ఇంతకన్నా భద్రత ఎక్కడుంది?

బెల్లం కొనడానికొచ్చిన ఒక ప్లీడరుగారు ఫ్లెక్సీని చూసి నవ్వి, ఒక కథ చెప్పారు. 1990ల చివర్లో కలకత్తా హైకోర్టుకు బట్టల నీలం తగువు ఒకటి వచ్చింది. ఉజాలా వాళ్ళు టీవీలో ఒక ప్రకటన వేశారు. అందులో వేరే నీలం డబ్బా ఒకటి చూపించి, అది బట్టలకు సరిగ్గా పనికిరాదన్నట్టు చెప్పారు. డబ్బా మీద ఏ పేరూ లేదు. కాని డబ్బా ఆకారం రాబిన్ బ్లూ డబ్బాదే. చెప్పిన ధర 10 రూపాయలు, అదీ రాబిన్ బ్లూ ధరే. రాబిన్ బ్లూ తయారుచేసే కంపెనీ కోర్టుకెక్కింది. ఆకారం, ధర చూస్తే ఎవరి గురించో తెలిసిపోతోందని కోర్టు ఆ ప్రకటనను ఆపేసింది. నీ సరుకు లోకంలో కెల్లా గొప్పదని చెప్పుకో, అవతలివాళ్ళ దానికన్నా మేలైనదని కూడా చెప్పుకో, అవతలివాళ్ళది చెడ్డదని మాత్రం చెప్పకు అన్నది ఆ తీర్పు సారం.

"అంటే పేరు రాశామా లేదా అని చూడరయ్యా. చదివినవాడికి ఎవరు గుర్తొస్తారో చూస్తారు" అన్నారు ప్లీడరుగారు. "మీ బోర్డు చూపించి, ఇది ఎవరి దుకాణంరా అని దారిన పోయే పదిమందినీ అడుగు. పదిమందీ ఒకే పందిరి వైపు చూస్తే, పేరు రాసినట్టే."

నేను ఈ పరీక్షను వెంటనే అమలు చేశాను. పదిమందీ ఆ పందిరి వైపే చూశారు. ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ప్రకటన అంత స్పష్టంగా ఉందన్నమాట! అయినా కోర్టు మాట మన్నించి, "కిలో 60" కొట్టేసి "కిలో సుమారు 60" అని దిద్దాను.

తీర్పులో నాకు నచ్చిన ముక్క మాత్రం "లోకంలో కెల్లా గొప్పదని చెప్పుకో" అన్నది. అబద్ధమైనా చెప్పుకోవచ్చని కూడా అన్నారట అందులో. ఇంకేం కావాలి? ఆ తర్వాత 2019లో వినియోగదారుల రక్షణ చట్టం కొత్తగా వచ్చిందనీ, తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చనీ ప్లీడరుగారు ఇంకా ఏదో చెబుతున్నారు. అప్పటికే నేను రెండో వాక్యం ఆలోచిస్తున్నాను.

రెండో సలహా అదే. భయపెట్టండి. మేలు చెబితే జనం రేపు చూద్దాంలే అనుకుంటారు. భయం చెబితే అక్కడికక్కడే జేబులో చెయ్యి పెడతారు. అందుకని పెద్ద అక్షరాల్లో ఇలా రాశాను: "పసుపు బెల్లం తింటున్నారా? విషం తింటున్నారు! మా బెల్లంలో ఏ కెమికలూ లేదు!"

పిన్ని చదివించుకుని నోరు నొక్కుకుంది. "కెమికల్ నేదంటావేటిరా? మరి సున్నం ఎయ్యమా?"

వేస్తారు. చెరుకురసం పులుపు విరగడానికి, మడ్డి పైకి తేలడానికి పెనంలో సున్నపునీళ్ళు పోస్తారు. కొన్నిచోట్ల బెండ కాడల జిగురు పిండుతారు. దానికి అంటుకుని పైకొచ్చిన తెట్టును తోడి పారేస్తారు. ఇదంతా అందరూ చేసే పనే, తప్పేమీ కాదు. కాని బోర్డు మీద "ఏ కెమికలూ లేదు" అన్నాక సున్నం మాటేమిటని ఎవడైనా అడిగితే నోట మాట రాదు. పిన్ని చెయ్యనిది ఒక్కటే. పాకం దగ్గరపడుతున్నప్పుడు కొందరు హైడ్రోస్ వేస్తారు. సోడియం హైడ్రోసల్ఫైట్ అన్నమాట, తెల్లటి పొడి. వేసిన కాసేపటికే పాకం రంగు తేలిపోయి బంగారంలా వస్తుంది. ఈ ఏడు పిన్ని అది వెయ్యలేదు. కాబట్టి ఆమె నిజంగా చెప్పగలిగిన మాట "హైడ్రోస్ వెయ్యలేదు" అన్న రెండు ముక్కలే. చూశారా, నిజం ఎంత పొట్టిగా, ఎంత పేలవంగా ఉంటుందో! "ఏ కెమికలూ లేదు" అన్నదాంట్లో ఉన్న ఠీవి దానికి ఎక్కడిది?

"విషం" మాట దగ్గర కూడా పిన్ని అడ్డుపడింది. ప్లీడరుగారు ఆవిడకు వత్తాసు. బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార నిబంధన. ఆ పసుపు దిమ్మలో ఎంత ఉందో ల్యాబులో చూస్తే తప్ప తెలీదు. హద్దు లోపలే ఉంటే దాన్ని చట్టం అమ్ముకోనిస్తుంది. అలాంటి సరుకును విషమంటే అది పోలిక కాదు, నింద. దాటిందో లేదో నీకు తెలియకుండా అన్నా నిందే.

"పేరెక్కడ రాశానండీ?" అన్నాను. ఆయన ఎర్ర అడ్డగీత వైపు చూసి ఊరుకున్నారు.

మూడో సలహాకు వద్దాం. కంటికి కనిపించే గుర్తును పట్టుకుని, దాన్నే రుజువుగా అమ్మండి. పిన్ని బెల్లం నల్లగా ఉంది గనక "నలుపే స్వచ్ఛతకు గుర్తు" అన్నాను. గుర్తుపెట్టుకోవడం సుళువు. ఇబ్బంది ఒక్కటే, అది నిజం కాదు. అడుగంటిన పాకం కూడా నల్లబెల్లమే అవుతుంది. తెట్టు సరిగా తియ్యకపోతే, చౌడునేల చెరుకైతే, నరికి రెండు మూడు రోజులు గట్టు మీద పడేసిన చెరుకైతే బెల్లం రంగు ముదురుతుంది. ఇంకోవైపు, మంచి రకం చెరుకు, ఒండ్రు నేల, చెయ్యి తిరిగిన పెనంకాడి మనిషి కుదిరితే హైడ్రోస్ చిటికెడు పడకుండానే లేతరంగు బెల్లం దిగుతుంది. అంటే రంగు చూసి మన బెల్లం మంచిదనీ చెప్పలేం, అవతలి బెల్లం చెడ్డదనీ చెప్పలేం. నా నినాదం పట్టుకుంటే, రేపు పిన్ని పెనంలోనే లేతరంగు దిమ్మ దిగితే దాన్ని నా ఫ్లెక్సీయే తిట్టిపోస్తుంది. అయితేనేం, రేపటి సంగతి రేపు.

మాటతో పాటు తమాషా కూడా ఉండాలని ఒక ప్రదర్శన పెట్టాను. రెండు గాజుగ్లాసులు. ఒకదాంట్లో పిన్ని బెల్లం, ఒకదాంట్లో పసుపు బెల్లం. రెండు నిమిషాల్లో పిన్నిది కరిగిపోయింది, పసుపుది ముద్దలాగే కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. రహస్యం మీకు మాత్రం చెబుతాను. పిన్ని బెల్లాన్ని తరిగి వేణ్ణీళ్ళలో వేశాను. పసుపు ముక్కను ఉండలాగే చన్నీళ్ళలో వేశాను.

జనంలోంచి ఒక ఇంటర్ పిల్ల ముందుకొచ్చింది. "అన్నయ్యా, రెండూ ఒకే తూకం తూచి, ఒకేలా తరిగి, ఒకే కుండలోని నీళ్ళు పోసి చూపించండి" అంది. చూపించక తప్పలేదు. రెండూ ఇంచుమించు ఒకేసారి కరిగాయి. పైగా పిన్ని గ్లాసు అడుగునే కాస్త ఎక్కువ నలుసు దిగింది. ఆ పిల్ల అంతటితో ఆగలేదు. "దీంట్లో ఇసుక, మట్టి, సుద్ద లాంటి కరగనివే తెలుస్తాయి. హైడ్రోస్ నీళ్ళలో కరిగిపోతుంది, గ్లాసులో ఎలా కనిపిస్తుంది?" అని అడిగింది. పోలిక ప్రదర్శన పెట్టేవాళ్ళకు నా మనవి, సైన్సు చదివే పిల్లల్ని ముందు వరసలో నిలబడనివ్వకండి.

నాలుగో సలహా పైవాటన్నిటికన్నా తెలివైనది. పొరుగువాడితో పేచీ ఎందుకు, మొత్తం జాతినే తిట్టేస్తే పోలా? నేను పంచదారను పట్టుకున్నాను. "పంచదార మానండి, బెల్లం తినండి. షుగరున్నవాళ్ళూ నిక్షేపంగా తినొచ్చు" అని రాశాను. పంచదారకు ఇక్కడ దుకాణం లేదు, పందిరి లేదు, పెళ్ళిపంక్తి లేదు. ఎవరొచ్చి అడుగుతారు?

ప్లీడరుగారు ఈసారి నవ్వలేదు. దీనికీ ఒక తీర్పు ఉందట. 2004లో ఢిల్లీ హైకోర్టులో జరిగింది. కోల్గేట్ పళ్ళపొడి ప్రకటనలో సునీల్ శెట్టి దుకాణానికొచ్చి, ఎర్ర పళ్ళపొడి కొనబోతున్నవాళ్ళను ఆపుతాడు. ఆ పొడిని కళ్ళజోడు అద్దం మీద రుద్ది గీతలు పడ్డట్టు చూపిస్తాడు. ఏ కంపెనీ పేరూ లేదు, ఉన్నదల్లా ఎర్రరంగు పొడి. ఎర్ర పళ్ళపొడి అమ్మే డాబర్ వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఫలానావాడని చూపించకుండా ఒక రకం సరుకునంతటినీ కించపరచడం కూడా కించపరచడమేనని కోర్టు ఆ ప్రకటనకు అడ్డుకట్ట వేసింది. ఎర్రపొడిని ఎవరెవరు అమ్ముతారో వాళ్ళందరికీ ఆ దెబ్బ తగులుతుంది కదా మరి. నా "పసుపు బెల్లం" వాక్యం కూడా అదే తక్కెడలో తూగుతుందని ఆయన సూచన. నాకు వినపడనట్టే ఉన్నాను.

షుగరు మాట మాత్రం నాచేత అక్కడికక్కడే చెరిపించారు. బెల్లం, పంచదార రెండిట్లోనూ ప్రధానంగా ఉండేది సుక్రోజే. మన ప్రమాణాల ప్రకారం బెల్లంలో సుక్రోజ్ కనీసం 60 శాతం, అన్ని చక్కెరలూ కలిపి కనీసం 90 శాతం ఉండాలి. బెల్లంలో ఇనుము లాంటివి కొంత మిగులుతాయి, నిజమే. కాని షుగరు మనిషికి ఆ 90 శాతమే లెక్క. మధుమేహానికి మందని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి మాజిక్ రెమెడీస్ చట్టం ఎప్పుడో నిషేధించింది. నేను చెరుపుతుంటే ఆయన ఒక మాటన్నారు. "మిగతావి రాస్తే పొరుగువాడికి నష్టం. ఇది రాస్తే కొన్నవాడికి నష్టం." ఆ మాటకు మాత్రం నా దగ్గర ఎదురుమాట లేకపోయింది. సలహాల పుస్తకంలో ఇలాంటివి రాయకూడదు గాని, రాసేశాను.

ఇంతలో పిన్ని ఏం చేసిందంటే, ఇంటికెళ్ళి అటక మీంచి పాత దిమ్మ ఒకటి దింపుకొచ్చింది. పోయినేడు ఆవిడే హైడ్రోస్ వేసి వండినది. దించిననాడు నిమ్మపండులా ఉందట. హైడ్రోస్ ఇచ్చే రంగు నిలవదు. గాలి తగిలేకొద్దీ మళ్ళీ నలుపుకు తిరుగుతుంది. ఏడాదిలో ఆ దిమ్మ మట్టిరంగుకు వచ్చేసింది. దాన్ని బల్ల మీద ఒక పక్కన పెట్టింది, ఈ ఏటి దిమ్మ ఇంకో పక్కన. పక్కింటి పిల్లాడి చేత అట్టముక్క మీద సుద్దతో ఇలా రాయించింది:

"రెండూ మా బెల్లమే. ఎడమది పోయినేడు హైడ్రోస్ వేసి వండాం, దించిననాడు పసుపుగా ఉండేది. కుడిది ఈ ఏడు వెయ్యకుండా వండాం. అందుకే రంగు ముదురు. సున్నం రెండిట్లోనూ వేశాం. అడుగున కాస్త నలుసు దిగుతుంది, పాకం వడగట్టుకోండి. వానాకాలం చెమరుస్తుంది, మూత గట్టి డబ్బాలో పెట్టుకోండి. రంగు చూసి హైడ్రోస్ ఉందో లేదో చెప్పలేం. రుచి చూసి కొనండి. కిలో 75."

నా వృత్తిలో ఇంత చెత్త ప్రకటన చూడలేదు. లోపాలు చెబుతాను, మీరు చేయకండి.

పోల్చడానికి ఎవరూ దొరకనట్టు తనతో తననే పోల్చుకుంది. పోయినేటి పిన్ని వచ్చి ఈ ఏటి పిన్ని మీద దావా వెయ్యదు సరే, తన తప్పు తానే బోర్డెక్కించుకోవడం ఏం వ్యాపారం? పైగా తేడా ఏమిటో, అది ఎందువల్ల వచ్చిందో, రెండు దిమ్మల్లో ఏది మారిందో ఏది మారలేదో కూడా చెప్పేసింది. సున్నం రెండిట్లోనూ ఉందన్నాక ఇక అడగడానికి జనానికి ఏం మిగిలింది? అనుమానం మిగల్చని ప్రకటన కూడా ఒక ప్రకటనేనా?

ఇక నలుసు, చెమ్మ. సరుకు లోపాన్ని అమ్మేవాడే చెప్పడం నేనెక్కడా వినలేదు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి అడుగున నలుసు చూసి "మోసం" అనుకోవడానికి వీల్లేకుండా చేసింది. "రంగు చూసి చెప్పలేం" అన్న వాక్యమైతే ఆ పసుపు దుకాణాన్ని చేజేతులా కాపాడింది. ఆయన వచ్చి ఆ అట్టముక్కను రెండుసార్లు చదువుకున్నాడు. తగువుకు పనికొచ్చే మాట ఒక్కటీ దొరక్క, ఒక బెల్లంముక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

సల్ఫర్ డయాక్సైడు "సున్నా" అని ఒక్క అంకె వెయ్యమని బతిమాలాను. అంకె ఉంటే నిండుతనం వస్తుంది కదా. "పరీచ్చ సేయించామేటి? నేదు గదా" అంది. హైడ్రోస్ వెయ్యలేదన్నది ఆవిడ చేతులకు తెలిసిన సంగతి. అంకెకు ల్యాబు కాగితం కావాలి. ఆ తేడా అందరికీ అర్థమైపోతే మా ఫ్లెక్సీ పరిశ్రమ ఏం కాను?

ధర 75 అని దాచకుండా రాయడం కూడా నాకు నచ్చలేదు. జనం మాత్రం 60 పందిరి దగ్గరా ఆగారు, 75 బల్ల దగ్గరా ఆగారు. దేవుడి ప్రసాదానికి పసుపుది కావాలన్నవాళ్ళు అటు వెళ్ళారు. అరిసెలకు ఇదే బాగుంటుందన్నవాళ్ళు ఇటు వచ్చారు. చాలామంది రెండు దిమ్మలూ పట్టుకు చూసి, వాసన చూసి, ఎడమది ఎంతకిస్తావని కూడా అడిగారు. అది అమ్మనని పిన్ని చెప్పింది. వచ్చే ఏడు మళ్ళీ బల్ల మీద పెట్టాలట.

పిన్ని తెచ్చిన బెల్లం శివరాత్రి మర్నాడు మధ్యాహ్నానికి అయిపోయింది. నా ఫ్లెక్సీ ఇప్పుడు ఆవిడ గానుగ దగ్గర, ఎండబెట్టిన చెరుకుపిప్పి తడవకుండా దాని మీద కప్పి ఉంది. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, వెనకవైపు తెల్లగానే ఉంది. కావలసినవాళ్ళు వానలు పడేలోగా కబురు పెట్టండి.